ల్యాప్‌టాప్ ఆగిపోయింది, డెడ్‌లైన్ మీద పడింది: క్లయింట్‌కి ఆ మెసేజ్ ఎలా రాయాలి

కొన్నేళ్ల కింద నా ల్యాప్‌టాప్ ఒక రాత్రి పని మధ్యలో ఆగిపోయి మళ్లీ ఆన్ అవ్వలేదు. పొద్దున్నే సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే రెండు రోజుల్లో ఇచ్చేస్తాం అన్నారు, నేను ఆ రెండు రోజులకి ఇంకోటి కలిపి "మూడు రోజులు లేటవుతుందండి" అని క్లయింట్‌కి రాసేశా. తీరా చూస్తే బోర్డు పార్ట్ రావడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఈలోపు రెండోసారి, మూడోసారి డేట్ మార్చి రాయాల్సొచ్చింది. మొదటిసారి ఆయన చాలా మర్యాదగా "పర్లేదు, చూసుకోండి" అన్నారు, మూడోసారి అసలు రిప్లైయే లేదు. ల్యాప్‌టాప్ పాడైనందుకు ఆయనకి కోపం రాలేదు, నేను ఇచ్చిన డేట్ మీద ఆయన వేరేవాళ్లకి మాటిచ్చారు, ఆ మాట పోయింది, బాధ అక్కడ.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒకటే, క్లయింట్‌కి ఇచ్చే కొత్త డేట్‌ని ఆ ల్యాప్‌టాప్ ఇక తిరిగి రాదనుకుని లెక్కేయండి. రిపేర్ అయ్యి వస్తే మంచిదే, కానీ రిపేర్ వాళ్ల డేట్ మీద మీ డేట్ కట్టకండి. మిగతా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అర్థం కావడానికి ఒక కేసు పట్టుకుని పోదాం. మీరు ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్ అనుకోండి, ఒక క్లయింట్‌కి 12 పేజీల సైట్ 14వ తారీఖు శుక్రవారానికి ఇవ్వాలి, 10వ తారీఖు సోమవారం రాత్రి ల్యాప్‌టాప్ ఆగిపోయింది.

ముందు రెండు లైన్ల మెసేజ్, పూర్తి లెటర్ తర్వాత

చాలామంది అన్నీ తెలిశాకే రాద్దాంలే అని ఆగుతారు, ఆ తెలియడం ఎప్పటికీ అవ్వదు, బుధవారం వచ్చేస్తుంది. అలా కాకుండా మంగళవారం పొద్దున్నే ఫోన్ నుంచే ఇలా ఒక చిన్న మెసేజ్ పెట్టేయండి:

"నమస్తే అండి, నిన్న రాత్రి నా ల్యాప్‌టాప్ ఆగిపోయింది. శుక్రవారం డెలివరీ మీద దీని ప్రభావం ఉంటుంది. ఎంత పని సేఫ్‌గా ఉంది, కొత్త డేట్ ఏంటి అన్నది చూసుకుని ఈరోజు సాయంత్రం 6 లోగా పూర్తిగా రాస్తాను."

ఇంతే చాలు. ఇందులో కొత్త డేట్ లేదు చూడండి, కావాలనే పెట్టలేదు, ఎందుకంటే పొద్దున పూట మీకు ఇంకా తెలీదు. కానీ ఎప్పటికి తెలుస్తుందో టైమ్ పెట్టారు, ఆ టైమ్ మాత్రం తప్పకూడదు, సాయంత్రానికి సగమే తెలిసినా సరే ఆ సగం రాయాలి. ఈ మెసేజ్ వల్ల క్లయింట్‌కి మూడు రోజుల టైమ్ దొరుకుతుంది, శుక్రవారం లాంచ్ అని ఎవరికైనా చెప్పి ఉంటే వాళ్లకి చెప్పుకుంటారు. అదే గురువారం రాత్రి చెప్తే ఆయన చేతిలో ఏమీ ఉండదు.

ఏది ఉంది, ఏది పోయింది: ఇది అంచనా మీద రాయొద్దు

ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టండి, సాయంత్రం రాసే లెటర్ మొత్తం దీని మీదే నిలబడుతుంది.

ఫోన్‌లో మీ కోడ్ ఉన్న రిపాజిటరీ ఓపెన్ చేసి చివరి కమిట్ టైమ్ చూడండి. మనకి గుర్తున్నది ఒకటి, అక్కడ ఉన్నది ఇంకోటి, ఇది చాలాసార్లు జరుగుతుంది, "నిన్న కూడా పుష్ చేశానుగా" అనిపిస్తుంది, చూస్తే కమిట్ చేసి పుష్ చేయలేదు. మన కేసులో చివరి పుష్ శనివారం సాయంత్రం, అందులో 7 పేజీలు ఉన్నాయి. ఆదివారం, సోమవారం చేసిన 3 పేజీలు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి. మిగతా 2 ఇంకా మొదలే పెట్టలేదు. అంటే 7, 3, 2. ఈ మూడు నంబర్లే మీ లెటర్‌కి ప్రాణం. క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టే అలవాటున్నవాళ్లు కూడా ఫైల్ కనిపించిందని ఊరుకోవద్దు, దాని మోడిఫైడ్ టైమ్ చూడండి, ఆగిపోయే ముందు సింక్ పూర్తవ్వకపోతే అక్కడ కనిపించేది పాత వెర్షన్.

తర్వాత ల్యాప్‌టాప్ పాడైందా, డిస్క్ పాడైందా అన్నది తేల్చుకోవాలి, ఈ రెండూ వేరు. లైటు కూడా వెలగకపోతే చాలాసార్లు బోర్డు, పవర్ వైపు సమస్య అయ్యుంటుంది, లోపల డేటా బాగానే ఉండొచ్చు. విడిగా బిగించిన ఎస్‌ఎస్‌డి అయితే దాన్ని తీసి యూఎస్‌బి ఎన్‌క్లోజర్‌లో పెట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించి చూడొచ్చు. ఎన్‌క్లోజర్ తెచ్చుకునే ముందు మీ ఎస్‌ఎస్‌డి ఎన్‌వీఎమ్‌ఈ రకమా సాటా రకమా చూసుకోండి, చూడటానికి రెండూ ఒకేలా సన్నగా ఉండొచ్చు, ఒకదాని కోసం చేసిన ఎన్‌క్లోజర్‌లో ఇంకోటి కనపడకపోవచ్చు, అప్పుడు డిస్క్ పోయిందని పొరపాటు పడతాం. విండోస్ ల్యాప్‌టాప్ అయితే తగిలించగానే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, కంగారు పడక్కర్లేదు, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయ్యుంటే ఫోన్‌లో లాగిన్ అయ్యి చూసుకోవచ్చు. ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో మాత్రం స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది, అందులో డేటా ఆ బోర్డులోని చిప్‌తోనే లాక్ అయ్యి ఉంటుంది, కాబట్టి బోర్డు బతికితే తప్ప డేటా రాదు, ఆ కేసులో లోపలున్నది లేనట్టే లెక్కేసుకోండి.

నీళ్లో టీయో ఒలికి ఆగిపోయి ఉంటే ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం అని అసలు అనుకోవద్దు, చార్జర్ కూడా పెట్టొద్దు, తడి ఉండగా లోపలికి కరెంటు వెళ్తే బతికున్న బోర్డు కూడా కాలిపోవచ్చు. పాత రకం తిరిగే హార్డ్‌డిస్క్ టిక్ టిక్ మంటుంటే వెంటనే ఆపేయండి, మళ్లీ మళ్లీ ఆన్ చేసేకొద్దీ లోపలి ప్లేటు గీసుకుపోయే ప్రమాదం ఉంది.

డిస్క్ చదవగలిగితే మీ అదృష్టం, ముందు ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని, ఆ కాపీలో ఈ మూడు కొట్టండి:

```
git status
git stash list
git log --branches --not --remotes --oneline
```

మొదటిది కమిట్ చేయని మార్పులు చూపిస్తుంది, రెండోది పక్కన దాచి మర్చిపోయినవి, మూడోది కమిట్ చేసి పుష్ చేయనివి. ఇంకో సంగతి, `.env` లాంటి ఫైళ్లని సాధారణంగా రిపాజిటరీలోకి పంపం కాబట్టి అవి ఇంకెక్కడా ఉండవు, అందులో ఉన్న కీలు మళ్లీ తెచ్చుకోవాలంటే ఒక్కోసారి క్లయింట్‌నే అడగాలి. అలా అడగాల్సినవి ఏమైనా ఉంటే ఇప్పుడే రాసిపెట్టుకోండి, లెటర్‌లో ఒకేసారి అడగొచ్చు.

మన కేసులో డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కి పెట్టినా కనిపించలేదు అనుకుందాం. సరే, ఆ 3 పేజీలు పోయినట్టే.

డేట్ లెక్క

కాగితం మీద గంటల్లో వేయండి, రోజుల్లో కాదు. రోజుల్లో వేస్తే మనకి తెలీకుండానే తక్కువ వేసుకుంటాం.

పోయిన 3 పేజీలు మొదటిసారి 11 గంటలు పట్టాయి, రెండోసారి ఏం చేయాలో తెలుసు కాబట్టి 7 వేసుకోవచ్చు, అంతకంటే తగ్గించొద్దు. మొదలుపెట్టని 2 పేజీలు 8 గంటలు. అన్నీ చెక్ చేయడానికి 3. చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది, అడిగి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌ని పనికి రెడీ చేసుకోవడం, టూల్స్ వేసుకోవాలి, లాగిన్‌లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, ఫోన్‌కి వచ్చే కోడ్‌లు, దీనికే 3 గంటలు పోతుంది. మొత్తం 21.

రోజుకి ఎన్ని గంటలు? మీ మెషీన్ మీద ఏడు ఎనిమిది చేస్తారేమో, కానీ ఇది వేరేవాళ్ల మెషీన్, వాళ్లకీ అవసరం ఉంటుంది, మీకు కీబోర్డ్ కొత్త, పైగా రిపేర్ వాళ్ల ఫోన్లు. 5 వేసుకోండి. బుధవారం నుంచి శనివారం దాకా 20, ఆదివారం వదిలేస్తే మిగిలిన ఒక్క గంట సోమవారం. అంటే లెక్క ప్రకారం సోమవారానికే అయిపోతుంది, కానీ చెప్పేది 18 మంగళవారం మధ్యాహ్నం 12. సోమవారం దాదాపు ఖాళీగా ఉంది కదా అదే మీ మార్జిన్, దాన్ని లెటర్‌లో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఏది ముందు చేయాలో చూడండి, నా దృష్టిలో గంటల లెక్క కంటే ఇది ముఖ్యం. పోయినవి ముందు చేసేద్దాం అనిపిస్తుంది, ఎందుకంటే పోయాయన్న బాధ మనది. కానీ క్లయింట్‌కి ఏ పేజీ లేకపోతే సైట్ తెరవలేరో అది ముందు. మన కేసులో మొదలుపెట్టనివి బుకింగ్ ఫారం, కాంటాక్ట్ పేజీ, అవి లేకుండా సైట్ తెరవడం దండగ. పోయినవి టీమ్, గ్యాలరీ, ప్రశ్నలు-జవాబులు, అవి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. బుకింగ్, కాంటాక్ట్ ముందు చేస్తే శుక్రవారం మధ్యాహ్నానికి అయిపోతాయి, అంటే అసలు డెడ్‌లైన్ రోజు క్లయింట్ చేతిలో 12లో 9 పేజీలు ఉంటాయి, అదీ పనికొచ్చే 9. అదే పోయినవాటితో మొదలుపెడితే శుక్రవారానికి 10 పేజీలు ఉంటాయి గానీ బుకింగే ఉండదు.

పూర్తి లెటర్

మొదటి లైన్‌లోనే డేట్ రావాలి. క్షమాపణ ఒక్కసారి, చివర్లో. ల్యాప్‌టాప్ కథ రెండు వాక్యాలు దాటొద్దు, ఏ శబ్దం వచ్చింది, ఎవరు ఏమన్నారు, వారంటీ ఉందా లేదా, అవేవీ ఆయనకి పనికిరావు, పైగా కథ పెరిగేకొద్దీ సాకులా వినపడుతుంది.

"నమస్తే అండి,

14 శుక్రవారానికి ఇవ్వాల్సిన సైట్ ఆ రోజుకి మొత్తం పూర్తవ్వదు. 12 పేజీలూ 18 మంగళవారం మధ్యాహ్నం 12 గంటలకి ఇస్తాను.

సోమవారం రాత్రి నా ల్యాప్‌టాప్ ఆగిపోయింది. డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌లో పెట్టి చూశాను, తెరుచుకోలేదు.

7 పేజీలు సేఫ్‌గా ఉన్నాయి, టెస్ట్ లింక్‌లో ఇప్పుడే చూడొచ్చు. శనివారం తర్వాత చేసిన 3 పేజీలు (టీమ్, గ్యాలరీ, ప్రశ్నలు-జవాబులు) పోయాయి, అవి మళ్లీ చేస్తాను, దానికి మీకు ఎక్స్‌ట్రా బిల్ ఏమీ ఉండదు. బుకింగ్, కాంటాక్ట్ పేజీలు ఇంకా మొదలుపెట్టలేదు.

రేపు పొద్దున్నుంచి వేరే ల్యాప్‌టాప్ మీద పని మొదలుపెడుతున్నాను. 14 శుక్రవారం సాయంత్రం 6కి బుకింగ్, కాంటాక్ట్ కూడా కలిపి 9 పేజీలు రెడీగా ఉంటాయి. 15 శనివారం రాత్రికి మిగతా 3 టెస్ట్ లింక్‌లో పెడతాను. చెకింగ్ పూర్తిచేసి 18న అప్పజెప్తాను.

మీరు ఒకటి చెప్పాలి. శుక్రవారమే సైట్ తెరవాలనుకుంటే ఆ 9 పేజీలతో తెరవొచ్చు, మిగతా 3 మెనూలో కనపడకుండా పెడతాను. లేదా 18న అన్నీ ఒకేసారి. రేపు సాయంత్రం లోగా చెప్పండి, మీ నుంచి ఏమీ రాకపోతే 18 అనుకుని చేసుకుంటూ వెళ్తాను.

మీ అడ్మిన్ లాగిన్ ఆ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో సేవ్ అయ్యుంది. డిస్క్ నా దగ్గరే ఉంచుకుని మెషీన్ మాత్రమే రిపేర్‌కి ఇస్తున్నాను. అయినా పాస్‌వర్డ్ ఒకసారి మార్చేస్తే మంచిది, కొత్తది నాకు మామూలుగా పంపినట్టే పంపండి. బుకింగ్ ఫారం ఈమెయిల్ కీ కూడా మళ్లీ కావాలి.

శుక్రవారం మాట తప్పినందుకు సారీ అండి. రోజూ సాయంత్రం 6కి ఎంతవరకు వచ్చిందో మెసేజ్ పెడతాను."

ఇందులో కొన్ని చోట్ల ఎందుకలా రాశానో చెప్తాను. "డేటా దొరికితే ముందే ఇచ్చేస్తాను" అని ఎక్కడా లేదు. మనం ఒకవేళ అని రాసినా చదివేవాళ్లకి ముందే వస్తుందని గుర్తుండిపోతుంది, ఆ తర్వాత 18న ఇచ్చినా లేటనే అనిపిస్తుంది. డెలివరీ డేట్‌కి వారం పేరు, తారీఖు, టైమ్ మూడూ కలిపి రాయడం కూడా కావాలనే, "మంగళవారానికి" అంటే పొద్దున అని ఆయన, అర్ధరాత్రి అని మీరు అనుకోవచ్చు. "రిప్లై రాకపోతే 18" అన్నది ఎందుకంటే క్లయింట్ బిజీగా ఉండి జవాబివ్వకపోతే మీ పని ఆగకూడదు.

పాస్‌వర్డ్ పేరా చాలామంది రాయరు, భయపెట్టినట్టు ఉంటుందేమో అని. కానీ ల్యాప్‌టాప్ వేరేవాళ్ల చేతికి వెళ్తోంది అంటే అందులో క్లయింట్ కస్టమర్ల వివరాలు ఉండొచ్చు, ఆ ప్రశ్న ఆయనకి తర్వాతైనా వస్తుంది, మనమే ముందు చెప్తే నమ్మకం ఉంటుంది. డిస్క్ విడిగా రాని మెషీన్ అయితే ఇచ్చేముందు ఫోన్ నుంచి మీ ఈమెయిల్, రిపాజిటరీ, హోస్టింగ్ అకౌంట్లలో ఆ డివైస్‌ని సైన్ అవుట్ చేసేసి, అదే మాట రాయండి.

డిస్కౌంట్ గురించి చాలామంది అడుగుతారు. మొదటి లెటర్‌లో పెట్టొద్దనే అంటాను. ఆయనకి నిజంగా నష్టం ఉందా లేదా మీకు ఇంకా తెలీదు, ముందే డబ్బు మాట తెస్తే అసలు విషయం, అంటే ఏది ఎప్పుడొస్తుంది అన్నది పక్కకి పోతుంది. ఆయనే ఫలానా నష్టం వచ్చిందని చెప్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. కాంట్రాక్ట్‌లో లేటు గురించి ఏమైనా రాసుంటే మాత్రం లెటర్ పంపేముందు అది ఒకసారి చదవండి. ల్యాప్‌టాప్ ఫోటోలు, రిపేర్ రసీదు కూడా అడిగితేనే పంపండి.

తర్వాతి రోజుల్లో

రోజూ 6కి పెట్టే మెసేజ్ ఒక్క లైన్ చాలు. "బుకింగ్ ఫారం పనిచేస్తోంది, లింక్‌లో చూడొచ్చు, రేపు కాంటాక్ట్. 18 డేట్ అలాగే ఉంది." ఆ చివరి ముక్క రోజూ రాయండి, ఆయన ముందు వెతికేది అదే. పని తక్కువ జరిగిన రోజు కూడా మెసేజ్ ఆపొద్దు, జరిగినంతే రాయండి.

ఒకవేళ తెచ్చుకున్న ల్యాప్‌టాప్ కూడా మధ్యలో ఇచ్చేయాల్సొస్తే, లేదా గురువారం రాత్రికి బుకింగ్ ఫారం సగం కూడా రాకపోతే, అదే రాత్రి మళ్లీ గంటల లెక్క వేసి చూడండి. సోమవారం మార్జిన్‌లో సరిపోతే డేట్ మార్చక్కర్లేదు, క్రమం మారితే అది చెప్తే చాలు. సరిపోకపోతే రెండోసారి డేట్ మార్చడం ఇదే చివరిది కావాలి, అందుకని ఈసారి ధైర్యంగా దూరంగానే పెట్టండి, ఏ పేజీలు అసలు డేట్‌కే వస్తున్నాయో అవి విడిగా చెప్పండి.

రిపేర్ అయ్యి ల్యాప్‌టాప్ గురువారమే వచ్చేసిందనుకోండి, లేదా డిస్క్ ఇంకో ఎన్‌క్లోజర్‌లో తెరుచుకుందనుకోండి, అప్పుడు కూడా వెంటనే "ముందే ఇస్తా" అని రాయొద్దు. ముందు ఆ 3 పేజీలు తీసి, పుష్ చేసి, టెస్ట్ లింక్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. తెరుచుకున్నాక ఆ సాయంత్రం మెసేజ్‌లో లింక్ పెట్టి "మిగతా 3 పేజీలు కూడా వచ్చేశాయి, చూడొచ్చు" అని రాయండి చాలు.